షేరు చార్ట్ స్క్రీన్‌షాట్ చేతికి వస్తే ట్రెండ్, సపోర్ట్, వాల్యూమ్ ఎలా చదవాలి?

ఎవరో పంపిన షేరు చార్ట్ స్క్రీన్‌షాట్ తెరవగానే చూపు నేరుగా కుడివైపు చివరి క్యాండిల్ మీదకు వెళ్తుంది. క్యాండిల్ అంటే ఒక వ్యవధిలో ధర ఎక్కడ మొదలై, ఎంత పైకి, ఎంత కిందికి పోయి, ఎక్కడ ముగిసిందో చూపే చిన్న కడ్డీ. ధర లేస్తోందా, పడుతోందా, ఇక్కడ ఆగుతుందా అని వెంటనే తేల్చేయాలనిపిస్తుంది. చార్ట్‌ను అలా చదవకండి. అంచుల నుంచి లోపలికి చదవండి, చివరి క్యాండిల్‌ను చివరికే ఉంచండి. స్క్రీన్‌షాట్ కదలని బొమ్మ కాబట్టి దాన్ని వెనక్కు జరిపి పాత ధరలు చూడలేరు, రోజువారీ నుంచి వారపు చార్ట్‌కు మారలేరు, క్యాండిల్ మీద వేలు పెట్టి అంకెలు తెలుసుకోలేరు. పైగా బొమ్మ ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ ఆగాలో నిర్ణయించింది మీరు కాదు, దాన్ని పంపిన వ్యక్తి.

ఈ వ్యాసమంతా ఒకే బొమ్మను పట్టుకుని నడుద్దాం. ఇది వివరణ కోసం కల్పించిన చార్ట్, ఏ కంపెనీదీ కాదు. సుమారు ఆరు నెలల రోజువారీ క్యాండిల్స్ ఉన్నాయి. ఎడమవైపు ధర 360 దగ్గర మొదలై పెరుగుతూ వచ్చి, 420 ప్రాంతంలో రెండు వారాలు ఆగి, దాన్ని దాటి 482 దాకా వెళ్లింది. అక్కడి నుంచి 431కి దిగింది, 468కి లేచింది, 418కి దిగింది, 447కి లేచింది, ఇప్పుడు 421 దగ్గర ఉంది. బొమ్మ మీద 418 దగ్గర మందపాటి ఆకుపచ్చ గీత గీసి ఉంది. దానితో పాటు వచ్చిన మాట ఇది: “బలమైన సపోర్ట్ దగ్గరకు వచ్చింది, కొనడానికి ఇదే సమయం.” సపోర్ట్ అంటే పడుతున్న ధర ఆగి తిరిగి లేస్తుందని ఆశించే స్థాయి. ఆ మాటను బొమ్మ ఎంతవరకు నిలబెడుతుందో చూద్దాం.

మొదటి అడుగు: అంచులు చదవండి

పై ఎడమ మూలలో షేరు పేరు, దాని పక్కన కాలవ్యవధి ఉంటాయి. `1D` అంటే ఒక్కో క్యాండిల్ ఒక రోజు, `1W` అంటే ఒక వారం, `15m` అంటే పదిహేను నిమిషాలు. ఇది కత్తిరించి ఉంటే కింది అక్షంలోని తేదీలతో లెక్కకట్టవచ్చు. రెండు నెలల పేర్ల మధ్య ఇరవై చిల్లర క్యాండిల్స్ ఉంటే అది రోజువారీ చార్ట్, నాలుగైదు ఉంటే వారపుది. తేదీలూ లేకపోతే ఆ బొమ్మను పక్కన పెట్టేయడమే మంచిది. పదిహేను నిమిషాల చార్ట్‌లోని సపోర్ట్‌కు, వారపు చార్ట్‌లోని సపోర్ట్‌కు పోలికే లేదు, కానీ బొమ్మగా చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి.

తర్వాత రంగులు. చాలా వేదికల్లో ప్రారంభ ధర కంటే ముగింపు ధర ఎక్కువైతే క్యాండిల్ ఆకుపచ్చగా, తక్కువైతే ఎర్రగా ఉంటుంది. చైనా, జపాన్ మార్కెట్ల చార్టుల్లో సాధారణంగా ఇది తలకిందులుగా ఉంటుంది, ఎరుపే పెరుగుదల. నలుపు తెలుపులో, నీలంలో చార్ట్ పెట్టుకునేవారూ ఉంటారు. అందుకే రంగును నమ్మే ముందు ఒక పరీక్ష చేయండి. ధర స్పష్టంగా పెరిగిన భాగాన్ని చూసి, అక్కడ ఏ రంగు క్యాండిల్స్ ఎక్కువగా ఉన్నాయో గమనించండి.

క్యాండిల్ రకాన్ని కూడా గమనించాలి. హైకిన్ ఆషి అనే రకం చూడటానికి మామూలు క్యాండిల్‌లాగే ఉంటుంది, కానీ అది చూపేది సగటులను. దాని ముగింపు విలువ ఆ రోజు ప్రారంభ, గరిష్ఠ, కనిష్ఠ, ముగింపు ధరల సగటు. దాని ప్రారంభ విలువ ముందు క్యాండిల్ బాడీకి, అంటే ప్రారంభ, ముగింపు విలువల మధ్య ఉన్న మందపాటి భాగానికి, నడిమి బిందువు. కాబట్టి అందులో ఒకే రంగు క్యాండిల్స్ వరుసగా వస్తాయి, క్యాండిల్స్ మధ్య ఖాళీలు కనిపించవు, ట్రెండ్ ఉన్నదానికంటే నున్నగా అనిపిస్తుంది. ప్రతి బాడీ ముందు బాడీ మధ్యలోంచే మొదలవుతున్నట్టు కనిపిస్తే అది హైకిన్ ఆషి అని అనుమానించండి. అలాంటి బొమ్మ నుంచి ముగింపు ధరలు తీసుకుని సపోర్ట్ గీయకండి, ఆ ధరల దగ్గర నిజంగా లావాదేవీలు జరిగి ఉండకపోవచ్చు.

చివరగా కుడివైపు ధరల అక్షం చూడండి. 400, 450, 500 గీతలు సమాన దూరంలో ఉంటే అది మామూలు స్కేల్. పైకి పోయేకొద్దీ గీతలు దగ్గరవుతుంటే అది లాగ్ స్కేల్, అందులో సమాన ఎత్తు సమాన శాతాన్ని చూపిస్తుంది. అక్షం ఎక్కడ మొదలైందో కూడా ముఖ్యమే. మన బొమ్మలో అది 350 నుంచి 500 వరకు ఉంది కాబట్టి 482 నుంచి 418కి జరిగిన పతనం బొమ్మ ఎత్తులో దాదాపు సగం మింగేసినట్టు కనిపిస్తుంది. లెక్కిస్తే అది 13.3 శాతం. తక్కువేమీ కాదు, కానీ కంటికి కనిపించినంత ఘోరమూ కాదు. ఏ కదలికనైనా శాతంలోకి మార్చుకున్నాకే దాని పరిమాణం గురించి ఒక అభిప్రాయానికి రండి.

రెండో అడుగు: ధరలను కొలిచి రాసుకోండి

స్క్రీన్‌షాట్‌లో అంకెలు కనిపించవు కాబట్టి కంటి అంచనాతో సరిపెట్టుకుంటారు. దానికంటే మెరుగైన పద్ధతి ఉంది. ఫోటోలు మార్చే చాలా ప్రోగ్రామ్‌లలో బొమ్మను తెరిస్తే, కర్సర్ ఉన్న చోటు పై అంచు నుంచి ఎన్ని పిక్సెళ్ల దూరంలో ఉందో కనిపిస్తుంది. విలువ తెలిసిన రెండు గీతల స్థానాలు తీసుకోండి. మన బొమ్మలో 400 గీత 620వ పిక్సెల్ దగ్గర, 450 గీత 420వ పిక్సెల్ దగ్గర ఉన్నాయి. అంటే 200 పిక్సెళ్లకు 50 పాయింట్లు, ఒక పిక్సెల్‌కు 0.25. మీకు కావలసిన క్యాండిల్ అడుగు కొస 548వ పిక్సెల్ దగ్గర ఉందనుకోండి.

```
ధర = 400 + (620 - 548) × 0.25 = 418
```

ఇది మామూలు స్కేల్‌కే పనికొస్తుంది. లాగ్ స్కేల్ అయితే ధరలకు బదులు వాటి లాగరిథమ్‌లతో ఇదే లెక్క చేయాలి. కొలతలో ఒకటి రెండు పిక్సెళ్ల పొరపాటు తప్పదు, మెసేజింగ్ యాప్‌లలో పంపినప్పుడు కుదించుకుపోయిన బొమ్మలో అది ఇంకా పెరుగుతుంది. కాబట్టి ఫలితాన్ని 418.25 అని రాయకుండా “దాదాపు 418” అని రాయండి. లేని కచ్చితత్వాన్ని అంకెలకు తొడిగితే, తర్వాత ఆ అంకెనే నమ్మి నిర్ణయాలు తీసుకుంటాం.

మూడో అడుగు: ట్రెండ్‌ను మలుపుల నుంచి తీయండి

ఇతరులు గీసిన గీతలను ఈ దశలో పట్టించుకోకండి. ఆ ఆకుపచ్చ గీతను ఒకసారి చూశాక కళ్లు అన్నిటినీ దానికి అనుగుణంగానే చూస్తాయి. ముందు మీ మలుపులు మీరు గుర్తించండి, గీతతో పోల్చడం తర్వాత.

మలుపు అంటే ఇక్కడ ఒక చిన్న నియమం పెట్టుకుందాం. ఒక క్యాండిల్ గరిష్ఠం, దానికి ఇరువైపులా ఉన్న కనీసం మూడేసి క్యాండిల్స్ గరిష్ఠాల కంటే పైన ఉంటే అది మలుపు శిఖరం. కనిష్ఠం అలాగే కింద ఉంటే అది మలుపు లోయ. మూడు అన్న అంకెలో పవిత్రత ఏమీ లేదు, ఐదు పెట్టుకున్నా ఫరవాలేదు. కానీ చూడటం మొదలుపెట్టాక మార్చకూడదు. మార్చుకుంటూ పోతే ఏ ట్రెండ్ కావాలంటే ఆ ట్రెండ్ దొరుకుతుంది.

ఈ నియమంతో మన బొమ్మలో శిఖరాలు 482, 468, 447. లోయలు 431, 418. శిఖరాలు దిగుతున్నాయి, లోయలు దిగుతున్నాయి. ఈ భాగం వరకు ఇది దిగువ ట్రెండే. పతనాలను, తేరుకోవడాలను విడిగా కొలిస్తే ఇంకొక విషయం బయటపడుతుంది. 482 నుంచి 431కి 51 పాయింట్లు, 468 నుంచి 418కి 50 పాయింట్లు, అంటే రెండు పతనాలూ దాదాపు సమానం. తేరుకోవడాలు మాత్రం 37 నుంచి 29కి తగ్గాయి. అమ్మేవారి ఊపు అలాగే ఉంది, కొనేవారి ఊపు తగ్గింది. “సపోర్ట్ దగ్గర ఉంది” అన్న మాటలో ఈ సంగతి ఎక్కడా లేదు.

ఇప్పుడు ఒక అభ్యంతరం రావచ్చు. ఆరు నెలల బొమ్మ మొత్తం చూస్తే ధర 360 నుంచి 421కి పెరిగింది కదా, మరి ఇది ఎగువ ట్రెండ్ కాదా? రెండూ నిజమే. ట్రెండ్ అనేది కాలవ్యవధి చెప్పకుండా అర్థం లేని మాట. ఆరు నెలలకు పైకి, 482 తర్వాతి భాగానికి కిందికి. బొమ్మ ఎడమ అంచు 360 దగ్గర కాకుండా 482 దగ్గర మొదలై ఉంటే మొదటి సగం మనకు కనిపించేదే కాదు. అలాగే 360కి ముందు ఏముందో ఇప్పుడూ కనిపించడం లేదు. 700 నుంచి పడి వచ్చిన షేరు అయితే ఈ ఆరు నెలల పెరుగుదల ఒక పెద్ద పతనంలో చిన్న ఊరట మాత్రమే కావచ్చు. బొమ్మకు ఎడమవైపున లేని భాగం గురించి ఎప్పుడూ ఒక ప్రశ్న రాసుకోండి.

మరొక జాగ్రత్త చివరి మలుపు గురించి. ఇప్పటి 421 లోయ కాదు. దానికి కుడివైపు క్యాండిల్సే లేవు కాబట్టి నియమం ప్రకారం అది లోయ అయిందో లేదో ఇంకా తెలియదు. “418 తర్వాత 421, లోయలు పైకి వస్తున్నాయి” అని ఎవరైనా అంటే, వారు ఇంకా జరగనిదాన్ని జరిగినట్టు చెబుతున్నారన్నమాట.

నాలుగో అడుగు: సపోర్ట్‌ను గీతగా కాక పట్టీగా గుర్తించండి

సపోర్ట్ వెనుక ఉన్న కారణం తెలిస్తే దాన్ని ఎంత నమ్మాలో కూడా తెలుస్తుంది. మన షేరు పెరిగేటప్పుడు 420 దగ్గర రెండు వారాలు ఆగింది. అక్కడ అమ్మేసినవారు తర్వాత అది 482కి వెళ్లడం చూశారు, మళ్లీ అదే ధర వస్తే తిరిగి కొనాలనుకుంటారు. అక్కడ కొనలేకపోయినవారూ ఎదురుచూస్తుంటారు. అందుకే ఒకప్పుడు ధరను ఆపిన రెసిస్టెన్స్, దాటిన తర్వాత సపోర్ట్‌గా మారడం తరచుగా కనిపిస్తుంది. అయితే వీరందరూ ఒకే అంకె దగ్గర ఆర్డర్లు పెట్టరు, కొంత వెడల్పులో పెడతారు. కాబట్టి సపోర్ట్ ఎప్పుడూ ఒక పట్టీయే.

పట్టీ వెడల్పు ఇలా నిర్ణయించండి. ఆ రెండు వారాల క్యాండిల్స్ చూస్తే బాడీల పై అంచులు 416 దగ్గర, బాడీకి పైన సన్నని గీతల్లా సాగిన విక్‌ల కొసలు 421 దగ్గర ఉన్నాయి. తర్వాత వచ్చిన లోయ 418 ఈ రెండింటి మధ్యనే ఉంది. మన పట్టీ 416 నుంచి 421. ఆకుపచ్చ గీత 418 దగ్గర గీసినవారు తప్పేమీ చేయలేదు, పట్టీని ఒక అంకెగా కుదించారంతే. కానీ ఆ కుదింపు వల్ల నష్టం ఉంది. రేపు ధర 417కి దిగితే గీత ప్రకారం సపోర్ట్ విరిగినట్టు, పట్టీ ప్రకారం ఇంకా లోపలే ఉన్నట్టు.

మరి ఎప్పుడు విరిగినట్టు? దీనికి ధర రోజుకు సాధారణంగా ఎంత ఊగుతుందో చూడాలి. ఇటీవలి క్యాండిల్స్‌లో మామూలుగా ఉన్న పది తీసుకుని, గరిష్ఠానికి కనిష్ఠానికి మధ్య దూరం కొలవండి. మన బొమ్మలో అది సగటున 8 పాయింట్లు. పట్టీ అడుగు నుంచి దానిలో సగం, అంటే 4 పాయింట్లు కిందికి వదిలితే 412 వస్తుంది. 412 కింద రోజు ముగిస్తే సపోర్ట్ పోయినట్టు భావిద్దాం. రోజు మధ్యలో 411 తాకి 418 దగ్గర ముగిస్తే పోయినట్టు కాదు. ఇది ప్రకృతి నియమం కాదు, సహేతుకమైన ఒక కొలబద్ద. ముందుగా రాసిపెట్టుకోవడంలోనే దాని విలువ ఉంది.

“బలమైన” అన్న విశేషణం సంగతి చూద్దాం. ఈ పట్టీ దగ్గర ధర పై నుంచి వచ్చి ఆగినది ఒక్కసారే, 418 దగ్గర. అంతకు ముందు అది రెసిస్టెన్స్‌గా పనిచేసింది. ఒక్క పరీక్షతో బలం తేలదు. ఎక్కువసార్లు తాకితే బలం పెరుగుతుందని చాలామంది చెబుతారు, నేను ఆ మాటను సగమే ఒప్పుకుంటాను. తాకిన ప్రతిసారీ అక్కడ ఎదురుచూస్తున్న కొనుగోలుదారులలో కొందరు కొనేస్తారు, ఆర్డర్లు తరిగిపోతాయి. అందుకే తాకిన లెక్క కంటే, తాకిన తర్వాత ధర ఎంత దూరం లేచిందో చూడటం మేలు. 418 నుంచి 29 పాయింట్లు లేచి, ముందటి శిఖరం 468కి చాలా కిందే ఆగిపోయింది. పట్టీ పనిచేసింది, కానీ ట్రెండ్‌ను తిప్పేంతగా పనిచేయలేదు. కొద్ది రోజుల్లోనే ధర మళ్లీ దాని అంచుకు రావడం కూడా బలానికి గుర్తు కాదు.

ఐదో అడుగు: వాల్యూమ్‌ను పోల్చి చదవండి

బొమ్మ అడుగున ఉండే నిలువు పట్టీలు వాల్యూమ్, అంటే ఆ రోజు చేతులు మారిన షేర్ల సంఖ్య. ముందు ఒక అపోహను తీసేయాలి. ఆకుపచ్చ పట్టీ కొనుగోళ్లు, ఎర్ర పట్టీ అమ్మకాలు కావు. ప్రతి లావాదేవీలో కొనేవారు, అమ్మేవారు ఇద్దరూ ఉంటారు. పట్టీ రంగు సాధారణంగా ఆ రోజు క్యాండిల్ రంగును అనుసరిస్తుంది, అంతకు మించి ఏమీ చెప్పదు. పట్టీలో చదవాల్సింది ఎత్తు, అది కూడా ఇరుగుపొరుగు పట్టీలతో పోల్చి.

మన బొమ్మలో వాల్యూమ్ అక్షం మీద `M` గుర్తు ఉంది, 1M అంటే పది లక్షలు. అక్షం లేకపోయినా ఫరవాలేదు, అత్యంత ఎత్తైన పట్టీని కొలిచి మిగతావి అందులో ఎంత భాగమో చూస్తే చాలు. మొదటి పెరుగుదలలో రోజుకు సుమారు 12 లక్షల షేర్లు చేతులు మారాయి. 420 దాటిన రోజు అది 26 లక్షలు, అంటే మామూలుకు రెట్టింపు కంటే ఎక్కువ. ఈ ఒక్క అంకె మన సపోర్ట్ పట్టీకి కొంత విలువ ఇస్తుంది, ఎందుకంటే ఆ ప్రాంతంలో చాలామంది నిజంగా కొన్నారు, అమ్మారు.

468 నుంచి 418కి పడేటప్పుడు వాల్యూమ్ 15 లక్షలు, 18 లక్షలు అంటూ పెరిగి, 418 తాకిన రోజు 34 లక్షలకు చేరింది. ఆ రోజు క్యాండిల్‌కు పొడవైన కింది విక్ ఉంది, ముగింపు 426. భారీగా అమ్మకం వచ్చింది, దాన్ని ఎవరో పీల్చుకున్నారు అని దీన్ని చదవవచ్చు. ఇక్కడొక పరిమితి గుర్తుంచుకోవాలి. రోజువారీ క్యాండిల్ గరిష్ఠం, కనిష్ఠం చెబుతుంది కానీ ఏది ముందు వచ్చిందో చెప్పదు. ధర ఉదయమే 418 తాకి రోజంతా నెమ్మదిగా లేచిందా, లేక చివరి అరగంటలో పడి లేచిందా? బొమ్మలో తెలియదు, రెండింటి అర్థమూ ఒకటి కాదు.

ఆ తర్వాత 447 వరకు లేచినప్పుడు వాల్యూమ్ 8 లక్షలకు పడిపోయింది. 418 దగ్గర పీల్చుకున్నవారు పైధరలకు వెంటపడి కొనలేదు. ఇప్పటి పతనంలో 9 నుంచి 10 లక్షలు ఉంది, అంటే అమ్మకం కూడా తొందరగా లేదు. ఈ రెండింటినీ కలిపి నిజాయితీగా చదివితే తేలేది ఒక్కటే: సపోర్ట్ పట్టీ దగ్గరకు ధర వస్తున్నది భారీ అమ్మకంతో కాదు, అలాగని బలమైన కొనుగోలు ఆసక్తి చూపే ఆధారమూ లేదు. తక్కువ వాల్యూమ్ పతనాన్ని “అమ్మేవారు అయిపోయారు” అని చెప్పడం చాలా ప్రచారంలో ఉన్న వ్యాఖ్యానం. అది “కొనేవారు ఇంకా రాలేదు” అని కూడా అంతే సులువుగా అర్థమవుతుంది. ఏది నిజమో సపోర్ట్ పట్టీని తాకాక వచ్చే వాల్యూమ్ చెబుతుంది, ఇప్పటి బొమ్మ కాదు.

చివరి వాల్యూమ్ పట్టీ 5 లక్షలే ఉంది. వాల్యూమ్ ఎండిపోయిందని అనుకునే ముందు స్క్రీన్‌షాట్ ఏ సమయంలో తీశారో చూడండి. మార్కెట్ నడుస్తుండగా తీసినదైతే అది సగం రోజు పట్టీ, ఆ క్యాండిల్ కూడా ఇంకా పూర్తికాలేదు. సగం రోజు కాబట్టి రెట్టింపు చేద్దామన్నా సరికాదు, వాల్యూమ్ సాధారణంగా రోజు మొదట్లోనూ చివర్లోనూ ఎక్కువగా, మధ్యలో తక్కువగా ఉంటుంది. చివరి క్యాండిల్‌ను, చివరి పట్టీని లెక్కలోంచి తీసేసి, నిన్నటి వరకే చదవడం సురక్షితం.

బొమ్మ చెప్పలేనివి

34 లక్షల రోజుకు మళ్లీ వద్దాం. ఆ రోజు ఏం జరిగింది? త్రైమాసిక ఫలితాలు వచ్చి ఉండవచ్చు. ఏదైనా సూచీలో షేరును చేర్చడం లేదా తీసేయడం వల్ల ఇండెక్స్ ఫండ్లు తప్పనిసరిగా కొని, అమ్మి ఉండవచ్చు. ఒక పెద్ద వాటాదారు మరొకరికి ఒకేసారి బదలాయించి ఉండవచ్చు. ఈ మూడింట్లోనూ పట్టీ ఒకే ఎత్తులో ఉంటుంది, కానీ చివరి రెండింట్లో కంపెనీ మీద మార్కెట్ అభిప్రాయం గురించి ఆ ఎత్తు చెప్పేది చాలా తక్కువ. తేదీ కనిపిస్తే ఆ రోజు ఎక్స్ఛేంజ్ ప్రకటనలు వెతకండి. పది నిమిషాల పని, చార్ట్‌ను గంటసేపు చూసినా దొరకని సమాధానం ఇస్తుంది.

పాత ధరలు సవరించినవా కాదా అన్నది మరో సమస్య. షేరు విభజన జరిగితే సవరించని చార్ట్‌లో ధర ఒక్క రోజులో సగానికి కూలినట్టు కనిపిస్తుంది. ఇది పట్టుకోవడం సులువు, ఖాళీ తర్వాతి ధర ముందటి ధరలో సగం, మూడో వంతు వంటి వాటా దగ్గర ఉంటుంది. డివిడెండ్ సవరణ మాత్రం కంటికి కనిపించదు. మధ్యలో షేరుకు 6 డివిడెండ్ వచ్చిందనుకుంటే, సవరించిన చార్ట్‌లో పాత 420 సుమారు 414గా కనిపిస్తుంది. మన సపోర్ట్ పట్టీ వెడల్పే 5 పాయింట్లు. ఒక వేదికలో సపోర్ట్ మీద ఉన్న ధర మరో వేదికలో దానికి పైన ఉన్నట్టు కనిపించడానికి ఇదే కారణం కావచ్చు.

ఇంకొక లోతైన పరిమితి ఉంది. 1959లో షికాగో విశ్వవిద్యాలయ గణాంక శాస్త్రవేత్త హ్యారీ రాబర్ట్స్ యాదృచ్ఛిక సంఖ్యలతో ఊహాజనిత ధరల చార్ట్ తయారుచేసి చూపించారు. అందులో నిజమైన మార్కెట్‌లో కనిపించేలాంటి ఆకృతులే కనిపించాయి. అంటే శిఖరాలు దిగుతున్న వరుస, ఒక ధర దగ్గర రెండుసార్లు ఆగడం వంటివి ఏ కారణమూ లేకుండా కూడా ఏర్పడతాయి. మరోవైపు 2000లో న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకులో కారల్ ఆస్లర్ చేసిన అధ్యయనంలో, విదేశీ మారక మార్కెట్‌లో సంస్థలు ముందుగా ప్రకటించిన సపోర్ట్, రెసిస్టెన్స్ స్థాయిల దగ్గర ధర కదలిక ఆగడం, ఇష్టానుసారం ఎంచుకున్న స్థాయిల దగ్గర కంటే ఎక్కువగా జరిగిందని తేలింది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకోవాలి. సపోర్ట్‌లో ఏదో ఉంది, కానీ రెండో అధ్యయనం చూసింది కరెన్సీలను, ఒక రోజు లోపలి కదలికలను, పైగా ముందుగా ప్రకటించిన స్థాయిలను. ధర ఆగాక గీసిన గీతకు ఆ గౌరవం దక్కదు.

రోజుకు కొద్ది వేల షేర్లు మాత్రమే చేతులు మారే కంపెనీలకు ఈ పద్ధతి అంతా వర్తించదు. వాటి చార్ట్‌లో చాలా క్యాండిల్స్ సన్నని అడ్డగీతల్లా, మధ్యలో ఖాళీలతో ఉంటాయి. అక్కడ ఒక్క వ్యక్తి ఆర్డర్ సపోర్ట్‌ను సృష్టించగలదు, చెరపగలదు.

చదివినదాన్ని నాలుగు వాక్యాల్లో రాసుకోండి

మన బొమ్మకు నేనైతే ఇలా రాస్తాను: “ఆరు నెలల్లో ధర పైకి, 482 తర్వాత దిగువ ట్రెండ్. శిఖరాలు 482, 468, 447. సపోర్ట్ పట్టీ 416 నుంచి 421, పై నుంచి ఒక్కసారే పరీక్షకు నిలిచింది, ఇప్పటి పతనంలో వాల్యూమ్ తక్కువ. రోజు ముగింపు 412 కింద ఉంటే పట్టీ పోయినట్టు, 447 పైన ఉంటే దిగువ ట్రెండ్ ఆగినట్టు.” తెలియనివి విడిగా కింద రాయాలి: 34 లక్షల రోజు కారణం, 360కి ముందు చరిత్ర, డివిడెండ్ సవరణ, స్క్రీన్‌షాట్ తీసిన సమయం.

దీన్ని “బలమైన సపోర్ట్, కొనే సమయం” అన్న మాటతో పోల్చండి. సపోర్ట్ ఉందన్నంత వరకు బొమ్మ ఒప్పుకుంటుంది. బలమైనది అనడానికి ఆధారం చాలదు. కొనే సమయం అన్నది బొమ్మలో ఎక్కడా లేదు, ఎందుకంటే కంపెనీ లాభాలు, అప్పులు, మీ డబ్బు ఎంతకాలం అక్కడ ఉండగలదు అన్నవి క్యాండిల్స్‌లో కనిపించవు.

412 అనే హద్దుకు కూడా ఒక లోపం ఉంది. అది చెప్పేది ముగింపు ధర గురించి, మార్కెట్ మూసి ఉన్న గంటల గురించి కాదు. రాత్రి చెడ్డ వార్త వస్తే మరుసటి రోజు షేరు 395 దగ్గరే తెరుచుకోవచ్చు, 412 దగ్గర ఒక్క లావాదేవీ కూడా జరగకుండానే. పట్టీ కింద చాలామంది స్టాప్‌లాస్ ఆర్డర్లు, అంటే ధర ఒక హద్దుకు పడితే తనంతట తానే అమ్మేసే ఆర్డర్లు, పెట్టుకుని ఉంటారు కాబట్టి అలాంటి రోజున పతనం ఇంకా వేగంగా ఉండవచ్చు. ఈ షేరు గతంలో ఇలా ఖాళీలతో తెరుచుకుందా లేదా అన్నది మాత్రం బొమ్మలో చూడవచ్చు: ఒక క్యాండిల్ మొత్తం ముందు క్యాండిల్‌కు తగలకుండా కింద ఉన్న చోట్లు లెక్కపెట్టి, వాటిలో అతిపెద్ద ఖాళీ ఎన్ని శాతమో మీ నాలుగు వాక్యాల పక్కన రాయండి.